దుకాణం తెరవడం వార్త కాదు, మరి ఏది వార్త? విశాఖ విలేకరికి ఒక చిన్న వ్యాపారం కథ చెప్పే పద్ధతి

ఉగాది దాటిన వారం పది రోజుల్లో విశాఖపట్నంలోని ఏ దినపత్రిక జిల్లా డెస్కులో కూర్చున్నా ఒకే రకం ప్రెస్ నోట్లు కనిపిస్తాయి. ఫలానా కూడలిలో ఫలానా దుకాణం ఘనంగా ప్రారంభమైంది, ముఖ్య అతిథిగా విచ్చేసినవారు రిబ్బన్ కత్తిరించారు, నాణ్యమైన సరుకును సరసమైన ధరలకు అందించడమే తమ లక్ష్యమని నిర్వాహకులు తెలిపారు. కొన్నేళ్ల పాటు ఈ కాగితాలను కుదించి మూడు వాక్యాల్లో సర్దడం నా పని. ఒక సాయంత్రం ఇలాంటివి పద్నాలుగు వచ్చాయి. వాటిలో పేర్లు తీసేసి కలిపేస్తే ఏది ఏ దుకాణానిదో పంపినవారు కూడా గుర్తుపట్టలేరు. మర్నాడు వాటిలో నాలుగు మాత్రమే పేజీలోకి వెళ్లాయి, అవి కూడా అడుగున మిగిలిన ఖాళీలోకి.

పంపినవారి వైపు నుంచి చూస్తే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అప్పు చేసి, ఇంట్లో వాళ్లను ఒప్పించి, ఆరు నెలలు తిరిగి పెట్టిన వ్యాపారం అది. పత్రికకు మాత్రం అది ఆ రోజు తెరిచిన మరో దుకాణం. ఈ రెండు చూపుల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం విషయం. దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ఊహాత్మక ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళదాం.

ప్రెస్ నోట్, పిచ్, కోణం: మూడు మాటల మధ్య తేడా

ప్రెస్ నోట్ అంటే జరిగినదాన్ని లేదా జరగబోయేదాన్ని అందరికీ ఒకే మాటల్లో తెలియజేసే ప్రకటన. అది ఒకేసారి ఇరవై మందికి వెళుతుంది. పిచ్ అంటే ఒక విలేకరికి, ఆయన లేదా ఆమె రాసే విషయాలను దృష్టిలో పెట్టుకుని, "ఇందులో మీ పాఠకుడికి పనికొచ్చే కథ ఉంది, కారణం ఇది" అని చెప్పే చిన్న ఉత్తరం. ఇప్పుడు అది ఎక్కువగా వాట్సాప్ సందేశంగానో ఈమెయిల్‌గానో వెళుతోంది. మొదటిది సమాచారం ఇచ్చి ఊరుకుంటుంది, రెండోది ఒక ప్రతిపాదన చేస్తుంది.

కోణం అన్న మాటను చాలామంది విశేషణం అనుకుంటారు. "మా ఉత్పత్తి వినూత్నమైనది" అన్నది కోణం కాదు, పొగడ్త. వ్యాపారం పేరు పూర్తిగా తీసేసినా చదవదగినదిగా మిగిలే ప్రశ్న కోణం. పేరు తీసేస్తే ఏమీ మిగలకపోతే అది ప్రకటన, డబ్బు కట్టి వేయించుకోవలసినది. నా దృష్టిలో ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. మన ఉదాహరణ మీదనే పెట్టి చూద్దాం.

పెదజాలరిపేటలో ఒకామె ఎండుచేపల వ్యాపారం మొదలుపెడుతోందని అనుకుందాం. ఇసుకలో కాకుండా మూడు సోలార్ డ్రయ్యర్లలో నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టి, రెండు వందల గ్రాముల ప్యాకెట్లుగా అమ్ముతుంది. హార్బర్‌లో చేపలు పాడుకుని తట్టల్లో పెట్టుకుని వీధుల్లో అమ్మే ఏడుగురు ఆడవాళ్లు ఆమెతో పని చేస్తారు. అమ్మకాలు ఏప్రిల్ 18న మొదలవుతాయి. ఆమె మొదట రాసుకున్న ప్రెస్ నోట్‌లో మొదటి వాక్యం ఇలా ఉంది: "పరిశుభ్రమైన, రుచికరమైన, ఆరోగ్యకరమైన ఎండుచేపలను రాష్ట్రంలోనే తొలిసారిగా సోలార్ డ్రయ్యర్లలో ఎండబెట్టి ప్యాకెట్లలో అందిస్తూ మా సంస్థ ఘనంగా ప్రారంభం కానుంది."

ఇందులోంచి సంస్థను తీసేస్తే మిగిలేది మూడు విశేషణాలు, ఒక అబద్ధం. సోలార్ డ్రయ్యర్ కొత్త వస్తువేమీ కాదు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, మనం సీఐఎఫ్‌టీ అని పిలిచేది, చాలా కాలంగా ఇలాంటి డ్రయ్యర్ల మీద పని చేస్తోంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది. విలేకరి అక్కడికి ఒక్క ఫోన్ చేస్తే "తొలిసారి" అన్న మాట కూలిపోతుంది, దాంతోపాటు మిగతా వాక్యాల మీద నమ్మకం కూడా. ఎండుచేపలకు "ఆర్గానిక్" అని తగిలించేవాళ్లనూ చూశాను. సముద్రంలో తనంత తాను పెరిగిన చేపకు ఆ మాట అతకదు.

కథ దుకాణంలో లేదు, క్యాలెండర్‌లో ఉంది

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేటను నిషేధిస్తారు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు వరుసగా కట్టేసి ఉంటాయి. వేట మీద బతికే మత్స్యకారులకు ఆ సమయంలో రాష్ట్ర ప్రభుత్వం సాయం ఇస్తుంది. అది కుటుంబానికి పది వేల రూపాయలుగా ఉండేది, 2025లో ఇరవై వేలు అయింది. కనుక ఏప్రిల్ రెండో వారం నుంచి విశాఖలోని ప్రతి పత్రికా వేట నిషేధం మీద ఏదో ఒకటి రాస్తుంది. లంగరు వేసిన బోట్ల ఫొటో, సాయం ఎప్పుడు పడుతుందన్న వార్త, జాబితాలో పేర్లు లేవన్న ఫిర్యాదు. ఏటా ఇవే రాయవలసి రావడం విలేకరికి కూడా విసుగే.

ఇక్కడ ఆమె దగ్గర ఎవరూ రాయని ముక్క ఒకటి ఉంది. సాయం వేటకు వెళ్లే మనిషి పేరున వస్తుంది. ఆ చేపను కొని అమ్మే ఆడమనిషి ఆ జాబితాలో ఉండదు. భర్త వేటకు వెళితే ఇంటికి ఎలాగో డబ్బు వస్తుంది. భర్త లేనివాళ్లకు, భర్త మరో పనిలో ఉన్నవాళ్లకు ఆ 61 రోజుల్లో తట్ట ఖాళీ, చెయ్యి ఖాళీ. ఆమె ఏడుగురిలో నలుగురు అలాంటివాళ్లే అనుకుందాం. ఇప్పుడు సంస్థ పేరు తీసేసి చూడండి: "వేట ఆగితే చేపలమ్మే ఆడవాళ్లు ఎలా బతుకుతారు, ఎండుచేప దానికి జవాబు అవుతుందా?" పేరు పోయినా ప్రశ్న నిలబడింది. ఇదే కోణం. ఆమె దుకాణం ఈ ప్రశ్నకు ఒక ఉదాహరణగా కథలోకి వస్తుంది, పక్క తలుపులోంచి వచ్చినా కథ మధ్యలోనే కూర్చుంటుంది.

దీనికి అభ్యంతరం ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. చాలామంది వ్యాపారులు అడిగేది ఇదే: "నా ప్యాకెట్ గురించి రాయమంటే మత్స్యకార మహిళల సమస్య మీద రాస్తారు, నాకేం లాభం?" నిజమే, ఇలాంటి కథలో ధర, దొరికే చోటు, ఫోన్ నంబరు రాకపోవచ్చు. అవి తప్పనిసరిగా రావాలంటే ప్రకటనే దారి. వార్తలో దొరికేది వేరు: వేరొకరు వచ్చి, చూసి, తమ మాటల్లో రాయడం. రెండిటి విలువా వేరు, ఒకదాన్ని అడుగుతూ మరొకటి ఆశిస్తేనే పేచీ.

ఎవరికి పంపాలి అన్నది అనిపించినంత తేలిక కాదు

ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలోనే మొదలైంది. తర్వాతి కాలంలో తెలుగు పత్రికలు జిల్లాకో అనుబంధం వేయడం అలవాటు చేసుకున్నాయి. ఆ పేజీలను రోజూ స్థానిక విషయాలతో నింపాలి. చిన్న వ్యాపారానికి చోటు ఉందంటే ఈ ఏర్పాటు వల్లే. జిల్లా పేజీకి సరిహద్దులు కచ్చితంగా ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయాక పూడిమడక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఆమె డ్రయ్యర్లు పెదజాలరిపేటలో ఉన్నాయి కాబట్టి నగరం విలేకరి పరిధి. అవే డ్రయ్యర్లు పూడిమడకలో ఉంటే అదే కథ మరో మనిషికి వెళ్లాలి, నగరంలో ఎంత పరిచయం ఉన్నా లాభం లేదు.

నగరంలో కూడా పని పంచుకుని ఉంటారు. దాన్ని బీట్ అంటారు. పోర్టు, హార్బర్ చూసేవారు ఒకరు, కార్పొరేషన్ చూసేవారు ఒకరు, వ్యాపార వార్తలు చూసేవారు మరొకరు. కొత్త వ్యాపారం కాబట్టి వ్యాపార విలేకరికి పంపాలని అందరికీ తోస్తుంది. ఈ కథకు అది పొరపాటు. వ్యాపార పేజీకి మూడు డ్రయ్యర్ల వ్యాపారం చాలా చిన్నది, హార్బర్ చూసే విలేకరికి మాత్రం అది ఆ వారం వెతుకుతున్న వస్తువు. ఎవరు ఏం రాస్తున్నారో తెలుసుకోవడానికి రెండు వారాల జిల్లా పేజీలు తిరగేస్తే చాలు. పేరుతో వచ్చిన కథనాలను చూసి ఆ పేరునే అడగాలి.

కొన్ని మండలాల్లో వార్తలు పంపేవారు జీతం మీద ఉన్న ఉద్యోగులు కారు. వారిని కంట్రిబ్యూటర్ అనో స్ట్రింగర్ అనో అంటారు. అచ్చయిన వార్త కొలతను బట్టి చిన్న మొత్తం అందుతుంది. ఈ సంగతి తర్వాత ప్రకటనల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

పిచ్ ఎలా ఉంటుంది: ఒక సందేశం, దాని వెనక లెక్క

ఆమె ఏప్రిల్ 8న, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, పంపిన సందేశం ఇది అనుకుందాం:

"నమస్కారమండీ. హార్బర్‌లో ఐస్ ధరల మీద మీరు మొన్న రాసిన కథనం చదివి ఇది పంపుతున్నాను. వేట నిషేధ సాయం వేటకు వెళ్లేవారి పేరునే వస్తుంది, చేపలమ్మే ఆడవాళ్ల పేరున రాదు. మా పెదజాలరిపేటలో అలాంటి ఏడుగురితో కలిసి నిషేధానికి ముందు దొరికిన నెత్తళ్లు, కవళ్లు సోలార్ డ్రయ్యర్లలో ఎండబెట్టి, నిషేధ రోజుల్లో ప్యాకెట్లుగా అమ్మబోతున్నాం. దీంతో ఒక్కొక్కరికి సుమారు ఇరవై అయిదు రోజుల పని దొరుకుతుంది. పూర్తి 61 రోజులకు చాలదు, ఎందుకు చాలదో లెక్కతో చెప్పగలను. అమ్మకాలు 18న మొదలు. డ్రయ్యర్లలో చేప ఉండేది 13 వరకే. 11, 12, 13 తేదీల్లో ఉదయం 7 నుంచి 9 దాకా నేను, మాట్లాడటానికి ఒప్పుకున్న ఇద్దరు అక్కలు అక్కడే ఉంటాం. ఫొటోలు తీసుకోవచ్చు. ఈ విషయం ఇంకా ఎవరికీ చెప్పలేదు. నా నంబరు ఇదే, మధ్యాహ్నం రెండు తర్వాత ఎప్పుడైనా మాట్లాడగలను. ధన్యవాదాలు."

దీన్ని నిమిషంలో చదవవచ్చు. సంస్థ పేరు కూడా లేదు గమనించండి, అడిగితే చెబుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది "పూర్తి 61 రోజులకు చాలదు" అన్న వాక్యం. ఆమె మొదటి చిత్తులో "ఏడుగురికి రెండు నెలల ఉపాధి" అని ఉండేది. అది ఎందుకు మారిందో చూద్దాం, ఎందుకంటే విలేకరి కూడా ఇదే లెక్క వేస్తారు.

మార్చి చివర నుంచి ఏప్రిల్ 13 వరకు ఆమె 1,200 కిలోల పచ్చి చేప కొంటుంది అనుకుందాం. నాలుగు కిలోలకు ఒక కిలో చొప్పున 300 కిలోల ఎండుచేప వస్తుంది. రెండు వందల గ్రాముల ప్యాకెట్లు 1,500. ప్యాకెట్ 140 రూపాయలు, మొత్తం అమ్మకం 2,10,000. చేప ఖరీదు కిలో 80 చొప్పున 96,000. ఉప్పు, కవర్లు, రవాణాకు 24,000. మిగిలేది 90,000. ఏడుగురికి 61 రోజులు రోజుకు 400 చొప్పున ఇవ్వాలంటే 1,70,800 కావాలి. ఉన్నది దాదాపు అందులో సగం. ఆమెకు ఒక్క రూపాయి మిగలకపోయినా ముప్పై రెండు రోజులకు మించి కూలి ఇవ్వలేదు. ఇరవై అయిదు రోజులు ఇస్తే 70,000 పోయి, బ్యాంకు వాయిదాకూ తనకూ 20,000 ఉంటుంది.

"రెండు నెలల ఉపాధి" అని రాసి ఉంటే విలేకరి ఈ లెక్క వేసిన క్షణంలో కథ చచ్చిపోయేది. లెక్క వేయకుండా అచ్చేస్తే ఇంకా ప్రమాదం, నెల తర్వాత ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు "మాకు అంత పని ఎక్కడిచ్చారు" అని అదే పత్రికతో అంటారు. ఇరవై అయిదు రోజులు అన్నది చిన్న మాట. అయినా అది కథను బలపరిచింది, ఎందుకంటే ఇప్పుడు కథనంలో నిజమైన ప్రశ్న ఉంది: డ్రయ్యర్లు ఎన్ని ఉంటే 61 రోజులు గడుస్తాయి, వాటికి పెట్టుబడి ఎవరు పెడతారు?

విలేకరి తప్పకుండా అడిగే రెండు మెలికలు

మొదటిది, నిషేధం మాట. "వేట పూర్తిగా ఆగిపోతుంది" అని ఆమె అంటే హార్బర్ విలేకరి వెంటనే పట్టుకుంటారు. నిషేధం మరబోట్లకు, ఇంజను బిగించిన పడవలకు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. అంటే ఆ రెండు నెలలూ కొంత చేప ఒడ్డుకు వస్తూనే ఉంటుంది. ఆమె సందేశంలో ఆ పొరపాటు లేదు, కానీ మాటల్లో దొర్లే అవకాశం ఎక్కువ.

రెండోది ఇంకా పదునైనది: "ఎండబెట్టడం 13తో అయిపోతోంది, మరి నిషేధంలో వాళ్లకు ఉన్న పనేమిటి?" నిజంగానే పనిలో కొంత భాగం నిషేధానికి ముందే పూర్తవుతోంది. మిగిలింది గ్రేడు చేయడం, ప్యాక్ చేయడం, ఇంటింటికీ తిరిగి అమ్మడం. ఇరవై అయిదు రోజుల్లో పది నిషేధానికి ముందు, పదిహేను తర్వాత అని ఆమె విడగొట్టి చెప్పగలగాలి. చెప్పలేకపోతే విలేకరి దురుద్దేశంతో అడిగారని అనుకోవడం వల్ల లాభం లేదు. డెస్కులో కూర్చున్నవారు విలేకరిని ఇదే ప్రశ్న అడుగుతారు, విలేకరి దగ్గర జవాబు లేకపోతే కథ ఆగిపోతుంది.

లైసెన్సు విషయం ఒకటి ఉంది, త్వరగా చెప్పి ముందుకు వెళతాను. ప్యాకెట్ మీద ఉండే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఆహార వ్యాపారం చేసుకోవడానికి నమోదు లేదా లైసెన్సు ఉన్నదని చెబుతుంది, ఆ చేప మంచిదని ప్రభుత్వం ధ్రువీకరించినట్టు కాదు. "ప్రభుత్వ ఆమోదం పొందిన" అని రాయడం తప్పు. "రసాయనాలు లేవు" అనాలంటే ల్యాబు పరీక్ష కాగితం చేతిలో ఉండాలి. ఈ రెండూ లేకుండా "ఇసుక తగలకుండా ఎత్తున ఎండబెట్టాం" అంటే ఎవరూ కాదనలేరు, కళ్లతో చూస్తారు కనుక.

"ఎప్పుడైనా రండి" అన్న మాటలో ఉన్న చిక్కు

ఇంటర్వ్యూకు అందుబాటులో ఉంటాం అని చెప్పడం మర్యాద అనుకుంటాం. అది పని సమాచారం. "ఎప్పుడైనా రండి" అంటే ఆ వాక్యంలో సమాచారం ఏమీ లేదు, కాబట్టి విలేకరి ఎప్పుడూ రారు.

పత్రిక రోజు ఎలా నడుస్తుందో చూస్తే ఇది అర్థమవుతుంది. సాధారణంగా ఉదయం పది, పదకొండు మధ్య విలేకరులు ఆ రోజు ఏం ఇస్తామో చెబుతారు. మధ్యాహ్నం వరకు తిరుగుతారు. మూడింటి నుంచి రాయడం మొదలవుతుంది. సాయంత్రం అయిదు తర్వాత ఫోన్ చేసి "మా దుకాణం గురించి మాట్లాడదాం" అంటే అవతలి మనిషి వినడం లేదనే అనుకోవాలి. జిల్లా పేజీలు రాత్రికి ముగుస్తాయి. కాబట్టి పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఉన్న కిటికీయే మంచిది.

వారంలో కూడా ఒక లయ ఉంది. ఆదివారం ప్రభుత్వ కార్యాలయాలు ఉండవు, సమీక్షలు ఉండవు, ప్రెస్ మీట్లు తక్కువ. అందువల్ల సోమవారం పేపరుకు అధికారిక వార్తల కొరత ఉంటుంది, మామూలు రోజుల్లో చోటు దొరకని కథనాలు ఆ రోజు పెద్దవిగా వస్తాయి. శని, ఆదివారాల్లో కలవడానికి వీలున్న మనిషి కథ సోమవారానికి సిద్ధంగా ఉంటుంది. దుకాణదారులు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు, ముహూర్తం గురువారం అయితే గురువారం సాయంత్రం నోట్ పంపుతారు.

ఆమె ఇచ్చిన సమయాలకు చేపతో కూడా సంబంధం ఉంది. ఉదయం ఏడింటికి పళ్లేలలో కొత్త నెత్తళ్లు పరుస్తారు, తొమ్మిది దాటితే డ్రయ్యరు మూసేస్తారు. పదమూడు తర్వాత డ్రయ్యర్లు ఖాళీ. పద్దెనిమిదిన, ప్రారంభం రోజున, ఫొటోగ్రాఫర్ వస్తే దొరికేది ప్యాకెట్ల గుట్ట, రిబ్బను. పదకొండున వస్తే తెరిచిన డ్రయ్యర్ ముందు వంగి వెండిరంగు చేపలను వేళ్లతో విడదీస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. ఏ ఫొటో పేజీలో నిలబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. టీవీ వారికి అయితే ఈ దృశ్యం లేకుండా కథే లేదు, ఎదురుగా కూర్చుని చెప్పే నాలుగు మాటల బైట్‌కు వారు అంత దూరం రారు.

ఇద్దరు అక్కలు "మాట్లాడటానికి ఒప్పుకున్నారు" అన్న మాట కూడా అలంకారం కాదు. ముందుగా అడిగి ఉండాలి: మీ పేరు, ఫొటో పత్రికలో వస్తాయి, మీ సంపాదన గురించి అడుగుతారు, చెప్పడం ఇష్టమేనా అని. విలేకరి వారితో విడిగా మాట్లాడతారు. యజమాని పక్కనే నిలబడి మాట అందిస్తుంటే అనుమానం వస్తుంది. ఒకసారి ఒక బేకరీ కథకు మా విలేకరి రెండు సార్లు వెళ్లారు. మొదటిసారి ఫోన్ స్విచ్ ఆఫ్, రెండోసారి యజమాని తప్ప ఎవరూ నోరు విప్పలేదు. కథ మంచిదే. ఆ చోటు వేరే వార్తకు వెళ్లిపోయింది.

ప్రకటన ఇస్తే వార్త వేస్తారా: మూడు వాదనలు

విశాఖలో వ్యాపారం చేసే ఎవరిని అడిగినా ముందు ఈ ప్రశ్నే వేస్తారు. వారి వాదన ఇది: చిన్నపాటి ప్రకటన ఇచ్చినవాడి ప్రారంభోత్సవం ఫొటోతో వస్తుంది, ఇవ్వనివాడిది రాదు, మిగతాదంతా కబుర్లు. ఇది ఊహ మాత్రమే అని నేను అనను. కొలతకు ఇంత అని అందుకునే కంట్రిబ్యూటర్ మీద ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి కూడా ఉంటే ఆయన ఏం చేస్తారో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

పత్రికల వాదన వేరు. ప్రకటనల విభాగం, సంపాదక విభాగం రెండూ విడివిడివని, ప్రారంభోత్సవం ఫొటో వేరు, విలేకరి పేరుతో వచ్చే కథనం వేరు అని వారంటారు. డబ్బు తీసుకుని వార్తలా అచ్చేయడాన్ని పెయిడ్ న్యూస్ అంటారు. దాని మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2010లో నివేదిక ఇచ్చింది. ప్రకటనకూ వార్తకూ తేడా పాఠకుడికి తెలిసేలా ఉండాలన్నది కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో ఉంది. అందుకే కొన్ని పేజీల మీద "ప్రకటన" అనో "అడ్వర్టోరియల్" అనో చిన్న అక్షరాలు కనిపిస్తాయి.

మూడో వాదన విలేకరులది, దాన్ని ఎవరూ గట్టిగా అనరు. కథ బలంగా ఉంటే ప్రకటన మాట ఎత్తకపోవడమే ఆ కథకు మేలు. "యాడ్ కూడా ఇస్తాం" అని పిచ్‌లో రాస్తే, నిజాయితీగా రాద్దామనుకున్న విలేకరి కూడా ఇబ్బందిలో పడతారు. రేపు ఎవరైనా అడిగితే తన కథ కొన్న కథలా కనిపిస్తుంది. ఈ మూడింటిలో పూర్తి నిజం ఒకదాంట్లోనే ఉందని నాకు అనిపించదు. ఆమె కథ లాంటిదానికి మాత్రం మూడోదే వర్తిస్తుంది. ప్రకటన ఇవ్వాలనుకుంటే విడిగా, ప్రకటనల విభాగానికి, వేరే రోజున ఇవ్వవచ్చు. చేతికి ప్యాకెట్ ఇచ్చి "రుచి చూడండి" అనడం తప్పు కాదు. సంచిలో అయిదు కిలోలు పెట్టి ఇంటికి పంపడం వేరే సంగతి.

అందరినీ పిలవాలా, ఒక్కరికే చెప్పాలా

డాబాగార్డెన్స్‌లోని వీజేఎఫ్ ప్రెస్ క్లబ్‌లాంటి చోట ప్రెస్ మీట్ పెట్టడం ఒక పద్ధతి. ఒకేసారి అందరికీ తెలుస్తుంది, ఎవరికీ కోపం రాదు, మర్నాడు నాలుగైదు చోట్ల చిన్నగా వస్తుంది. రాజకీయ పార్టీకి, సంఘానికి ఇది సరిపోతుంది, ఎందుకంటే వారికి కావలసింది మాట అందరికీ చేరడం. ఎండుచేపల కథను ప్రెస్ మీట్‌లో చెప్పలేరు. అక్కడ డ్రయ్యరు ఉండదు, వాసన ఉండదు, ఆ అక్కలు పదిహేను మైకుల ముందు మాట్లాడలేరు.

రెండో పద్ధతి ఎక్స్‌క్లూజివ్, అంటే ఒక్క విలేకరికే ముందుగా ఇవ్వడం. లోతుగా రాయడానికి వారికి కారణం దొరుకుతుంది. ప్రమాదం ఏమిటంటే ఆ ఒక్కరూ రాయకపోతే సమయం చేజారుతుంది. అందుకే గడువు మనసులో పెట్టుకోవాలి. ఆమె 8న పంపింది. 10న ఉదయం వరకు జవాబు రాకపోతే ఒకసారి, ఒకే ఒక్కసారి, గుర్తు చేయాలి: "వేరే పత్రిక వారికి చెప్పమంటారా, మీరు చూస్తున్నారా?" మొహమాటం లేని, మర్యాద తప్పని ప్రశ్న. జవాబు లేకుంటే సాయంత్రంలోగా మరొకరికి పంపవచ్చు. "ఎవరికీ చెప్పలేదు" అని రాసి రహస్యంగా నలుగురికి పంపడం మాత్రం ఈ ఊళ్లో దాగదు, విలేకరులందరూ ఒకే చోట టీ తాగుతారు.

ఎంబార్గో అన్న మాట కూడా వినిపిస్తుంది, అంటే ఇప్పుడు చెబుతున్నాం కానీ ఫలానా తేదీ దాకా వేయవద్దు అని. చిన్న వ్యాపారానికి ఇది అరుదుగా అవసరం. కావాలంటే విషయం చెప్పకముందే అడిగి ఒప్పించుకోవాలి, చెప్పేశాక షరతు పెడితే అది షరతు కాదు. "ఇది రాయకండి" అన్న మాటకూ ఇదే సూత్రం. మాట్లాడేసి చివర్లో అంటే విలేకరి గౌరవించవచ్చు, గౌరవించకపోవచ్చు.

అచ్చయ్యే ముందు, అచ్చయిన తర్వాత

"వేసే ముందు ఒకసారి చూపించండి" అని అడగడం మన దగ్గర మామూలు. చాలా పత్రికల్లో ఇది ఒప్పుకోరు, అడిగితే చిన్నబుచ్చుకుంటారు కూడా. అయితే "అంకెలు ఒకసారి సరిచూస్తారా, కిలోలు, రోజులు, పేర్ల అక్షరాలు" అంటే సంతోషంగా ఒప్పుకుంటారు. ఎందుకంటే తప్పు పడితే తిట్లు తినేది వారే. ఆమె అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది.

ఇంత చేసినా, 13న సోమవారం పేపరు తెరిస్తే శీర్షిక కింద "రాష్ట్రంలోనే తొలి ప్రయత్నం" అని ఉండవచ్చు. ఆమె ఆ మాట అనలేదు, విలేకరి కూడా రాయలేదు. రాత్రి డెస్కులో కూర్చున్న నాలాంటివాడు ఖాళీ నింపడానికి తగిలించి ఉంటాడు. పొగడ్తే కదా అని ఊరుకోవాలని అనిపిస్తుంది. ఊరుకుంటే అది ఆమె మాటగా స్థిరపడుతుంది, రేపు సోలార్ డ్రయ్యర్లు ఎప్పుడో పెట్టుకున్న మరొకరు ఆమెనే తప్పు పడతారు. ఆ ఉదయమే విలేకరికి ఫోన్ చేయాలి, ఫేస్‌బుక్‌లో రాయకూడదు. "కథనం బాగుందండీ, ఆ ఒక్క మాట మాత్రం మేం అనలేదు, వెబ్‌లో సరిచేయించగలరా" అంటే చాలు. వెబ్‌లో అదే పూట మారుతుంది. అచ్చులో సవరణ వస్తే మర్నాడు లోపలి పేజీలో రెండు వాక్యాలుగా వస్తుంది, రాకపోనూవచ్చు. అదే ఫోన్‌లో, తొందర లేకుండా, జూన్ 14 తర్వాత ఆ ఏడుగురికి నిజంగా ఎన్ని రోజుల పని దొరికిందో లెక్క రాసిన పుస్తకం చూపిస్తానని చెప్పవచ్చు. హార్బర్ విలేకరి ఆ తేదీని డైరీలో రాసుకుంటారు.